గడియారం డాక్టరమ్మ రాసిన వివరణ

డాక్టరు దేవుడితో సమానం అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. దేవుడి మీద ఫిర్యాదు చేయడానికి ఆఫీసు లేదు. డాక్టరు మీద చేయడానికి ఉంది. డాక్టరమ్మ పనిచేసే మానసిక వైద్యశాలలో అది మొదటి అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన, రెండు కుర్చీలూ ఒక బీరువా పట్టే గదిలో ఉంది. అక్కడి నుంచి వచ్చిన కవరును బుధవారం ఉదయం డాక్టరమ్మ మూడోసారి విప్పి చదువుతోంది.

ఆస్పత్రిలో ఆమెను గడియారం డాక్టరమ్మ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు, కానీ ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఏ నోటు రాసినా పక్కన గంటా నిమిషమూ వేస్తుంది. కాఫీ తాగినా టైము రాసుకుంటుందని జూనియర్లు నవ్వుకుంటారు. ఆ అలవాటుకు కారణం గొప్పదేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద డాక్టరు, "టైము వేయని నోటు తలుపులేని ఇల్లమ్మా, ఎవడైనా దూరతాడు" అన్నాడు. ఆమె భయపడింది. భయం అలవాటైంది, అలవాటు పేరైంది. పేరొచ్చాక దాన్ని చూసుకుని కాస్త మురిసిపోవడం కూడా మొదలైంది.

ఫిర్యాదు చేసినాయన అచ్చుకూటంలో ముప్పై అయిదేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. అరవై ఒక్క ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు, అయిదో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. మూడున్నర నెలల క్రితం ఆయన్ని సొంత అక్క ఆటోలో ఎక్కించి తీసుకొచ్చింది. నీళ్ల పైపుల్లోంచి కింది ఇంటివాళ్లు తనను తిడుతున్నారని, తిండిలో ఏదో కలుపుతున్నారని నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ముందు రోజు పొద్దున ఆ మాటలు మోసుకొచ్చే తీగను కోసేస్తానని కత్తెర పట్టుకుని పిట్టగోడ దాటి సన్‌షేడు మీదికి దిగాడు. ఆస్పత్రిలో ఉండనన్నాడు. ఆయన ఒప్పుకోకపోయినా చేర్చుకునే ఉత్తర్వు మీద గడియారం డాక్టరమ్మ సంతకం చేసింది.

ఆయన ఫిర్యాదులో మూడే మాటలున్నాయి. ఒకటి, నన్ను చేర్చుకోవాల్సిన అవసరం లేదు. రెండు, నా హక్కులేమిటో నాకెవరూ చెప్పలేదు. మూడు, అందువల్ల ఇలాంటి ఉత్తర్వులను తిరిగి పరిశీలించే పునర్విచారణ మండలికి అర్జీ పెట్టుకునే వీలు తొమ్మిది రోజులు లేకపోయింది. ఒక్క అక్షర దోషం లేదు. పైగా, ఫిర్యాదు అందిందని ఆస్పత్రి పంపిన ఉత్తరంలో రెండు తప్పులకు ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, తిప్పి పంపాడు; ఆ కాపీ కూడా కవరులో ఉంది.

శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా ఆమె జరిగింది జరిగినట్టు, వరుసక్రమంలో వివరణ రాసి ఇవ్వాలి. ఆస్పత్రి విచారణ సంఘానికి అది నచ్చకపోతే కాగితం వైద్య మండలికి వెళ్తుంది. అక్కడ వేసే మొదటి వేటు ఏమిటో వృత్తిలో అందరికీ తెలుసు. ఇలాంటి ఉత్తర్వుల మీద సంతకం చేసే అధికారం తీసేస్తారు. ఆ ఆస్పత్రిలో అది పోయిన మానసిక వైద్యురాలు లైసెన్సు పోయిన డ్రైవరుతో సమానం. బండి ఉంటుంది, సీటుంటుంది, నడపడానికి లేదు.

"ఏం రాయాలో నీకు తెలియదా? జరిగింది రాయి," అన్నాడు పొద్దున భర్త. కాలేజీలో లెక్కలు చెబుతాడు.

"జరిగింది రాయడమంటే లెక్క చేయడం కాదండీ."

"లెక్కయితే తప్పెక్కడుందో చివర్లో తెలిసిపోతుంది. నీ దగ్గర అదే చిక్కు," అని ఆయన బూట్ల లేసులు కట్టుకున్నాడు.

పదకొండింటికి డాక్టర్ల రక్షణ సంఘంలోని సలహాదారు ఫోను చేసింది. లాయరు. గొంతులో తొందరా లేదు, ఓదార్పూ లేదు.

"మేడం, మూడు రకాల సంగతులుంటాయి. రికార్డులో ఉన్నవి, మీకు గుర్తున్నవి, మీరు మామూలుగా చేసేవి. ఏది ఏ రకమో ప్రతి వాక్యంలో తెలియాలి. కలగాపులగం చేయకండి. మీరు కళ్లారా చూసిందీ, వాళ్ల అక్క చెప్పగా విన్నదీ వేరువేరుగా రాయండి. ఇంకోటి, 'జరిగినది, ఇవ్వబడినది' అంటూ రాయొద్దు. ఎవరు చేశారో హోదాతో సహా రాయండి. ఆయన్ని తిట్టొద్దు, మిమ్మల్ని మీరు పొగుడుకోవద్దు."

"రికార్డు పక్కాగా ఉంది. ప్రతిదానికీ టైముంది," అంది డాక్టరమ్మ.

"మంచిది. ఆయనకు మాత్రం మీరు ఫోను చేయకండి, వాళ్ల అక్కకూ చేయకండి. డ్రాఫ్టు నాకు పంపండి."

మొదటి పేజీ నల్లేరు మీద బండిలా సాగింది. పది నలభైకి అత్యవసర గదిలో నేను ఆయన్ని చూశాను. ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడాను. పైపుల్లో గొంతుల గురించి ఆయన నాతో ఈ మాటలన్నారు. సన్‌షేడు సంగతి ఆయన అక్క చెప్పారు. నేను అడిగితే ఆయన కాదనలేదు. పదకొండున్నరకు రెండో డాక్టరు ఆయన్ని విడిగా పరీక్షించి తన ఫారం తాను నింపారు. అప్పుడు నేను ఆ గదిలో లేను. పదకొండు యాభైకి ఉత్తర్వు మీద సంతకం చేశాను. పన్నెండూ అయిదుకు ఆయన్ని వార్డుకు తీసుకెళ్లారు.

ఆ రోజు చేర్చుకోవడం సరైనదేనని ఆమెకు అనుమానం లేదు. ఇప్పటికీ లేదు. అయిదో అంతస్తు సన్‌షేడు మూరెడు వెడల్పే ఉంటుంది.

తర్వాత తన నోటులోని వాక్యం తీసింది. "12.40. హక్కుల పత్రం ఇవ్వబడినది, వివరించబడినది, సంతకం తీసుకోబడినది." లాయరు చెప్పినట్టు దాన్ని తిప్పి రాసింది. "నేను హక్కుల పత్రం ఇచ్చి, చదివి వినిపించాను." ఆమెకు గుర్తుంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. ఆయన తల వంచుకుని విన్నాడు. కిటికీలోంచి ఎండ మోకాళ్ల మీద పడింది. పైగా చదివి వినిపించడం ఆమె అలవాటు, వార్డంతా సాక్ష్యం చెబుతుంది.

టైము వేయబోయింది. పత్రం మీద సంతకం పక్కన 12.25 అని ఉంది. 12.25కి తనెక్కడుందో చూసుకుందామని, ఊరికే, అలవాటు కొద్దీ, అత్యవసర పిలుపుల రిజిస్టరు తెప్పించింది.

పన్నెండూ పదిహేనుకు ఆడవాళ్ల వార్డులో ఒకావిడకు ఫిట్స్. హాజరైన డాక్టరు ఆమే. తిరిగి బయటికొచ్చింది పన్నెండూ ముప్పై అయిదుకు. పక్కన సంతకం కూడా ఆమెదే.

డాక్టరమ్మ రిజిస్టరు మూసింది. మళ్లీ తెరిచింది. స్టూలు, ఎండ, వంచిన తల, అన్నీ నిజమే. కానీ ఆ తల ఇంకెవరిదో. ముందు వారంలో చేరిన మనిషిది కావచ్చు. ముప్పై అయిదు నిమిషాల్లో మనుషుల జ్ఞాపకాలు నిజమో భ్రమో తేల్చి ఫారం మీద రాసే మనిషి, సొంత జ్ఞాపకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం మగవాళ్ల వార్డుకు వెళ్లింది. అక్కడి హెడ్ నర్సును అందరూ పెద్దక్క అంటారు. ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతుంది. నర్సుల గదిలో మాత్రల ట్రేలు సర్దుతోంది.

"అక్కా, ఆ ప్రూఫులాయనకు హక్కుల పత్రం ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చా. సాక్షి సంతకం నాదే కదమ్మా."

"చదివి వినిపించావా?"

పెద్దక్క ట్రే కింద పెట్టింది. "చదివారా అనడిగా. తలూపాడు. సంతకం పెట్టాడు. ఆ రోజు ముప్పై ఒక్కమంది, మేమిద్దరం. మీరేమో ఫిట్స్ అని పరిగెత్తిరి."

"'వివరించాను' అన్న గడిలో టిక్కు పెట్టావు."

"పెట్టా. ఆ టిక్కు చూసేగా మీరు నోటు రాశారు?" పెద్దక్క గొంతు పెంచలేదు. "మీరు నన్నడిగారా ఆ రోజు? అడిగుంటే చెప్పేదాన్నిగా, తలూపాడు అని."

డాక్టరమ్మ గోడకు అంటించిన అట్ట వంక చూసింది. చేరగానే రోగి దగ్గర తీసుకోవాల్సిన వస్తువుల జాబితా. బెల్టు, తాళ్లు, పదునైనవి, నిప్పుపెట్టె, గాజు వస్తువులు.

"ఆయన సామాన్ల రిజిస్టరు చూపించు."

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"చూపించక్కా."

పేజీ దొరికింది. సమయం పన్నెండూ పది. బెల్టు ఒకటి. చేతి గడియారం ఒకటి. ఎర్ర పెన్సిలు ఒకటి. కళ్లద్దాలు ఒక జత.

పెద్దక్కే ముందు తేరుకుంది.

"గాజు కదమ్మా. జాబితాలో ఉంది. గుచ్చుకుంటేనో?"

"పన్నెండూ పదికి అద్దాలు తీసుకున్నాం. పన్నెండూ ఇరవై అయిదుకు చదువుకోమని కాగితం ఇచ్చాం."

"నాకేం తెలుసు, ఆయనకు దగ్గరి చూపు లేదని!"

"ముప్పై అయిదేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషక్కా."

"అది మీ నోటులో ఉంది, నా రిజిస్టరులో లేదు," అంది పెద్దక్క చురుగ్గా. తర్వాత మెల్లగా, "ఇక్కడో గడి ఉంది చూడండి. 'డాక్టరు చూసి, తిరిగి ఇవ్వదగినవి.' అదే రోజు మీరు చూసి టిక్కు పెట్టాలి. ఖాళీగా ఉంది. తొమ్మిదో రోజున వాళ్లక్కగారు వచ్చి, తమ్ముడు పేపరు చదవట్లేదేంటని గోల పెడితే అప్పుడు ఇచ్చాం. అదే సాయంత్రం ఆ కాగితం చదివి, అర్జీకి తెల్లకాగితం అడిగాడు. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నాది, మీ పిడికెడు మీది."

డాక్టరమ్మ లేచింది. గుమ్మం దగ్గర పెద్దక్క మళ్లీ పిలిచింది.

"అమ్మా, ఆయన ఫిర్యాదులో కళ్లద్దాల మాటుందా?"

"లేదు."

"మరి?"

ఆ ఒక్క మాటలో పెద్దక్క అడగాల్సిందంతా అడిగేసింది.

నిజమే, లేదు. ఎవరూ చెప్పలేదని మాత్రమే రాశాడు. అద్దాల్లేకుండా సంతకం పెట్టానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ అయి ఉండాలి. చూడని కాగితం మీద సంతకం పెట్టడమంటే ఆయన వృత్తిలో అంతకు మించిన అప్రతిష్ఠ లేదు.

డాక్టరమ్మ తన గదికి వచ్చి తలుపు వేసుకుని, ఆయన ఆస్పత్రిలో ఉన్న పద్నాలుగు రోజుల నోట్లన్నీ మొదటి నుంచి చదివింది. తన నోట్లు తను చదవడం ఏ డాక్టరుకూ ఇష్టమైన పని కాదు. వాటిలో ఎదురయ్యేది రోగి కాదు, తొందరలో ఉన్న డాక్టరు. మూడో రోజు దగ్గర ఆగిపోయింది.

"9.20. నిద్ర మెరుగు. భోజనం సగం తీసుకున్నారు. సిబ్బంది తనను కావాలని చదవనివ్వడం లేదని, కాగితాలు తనకు అందకుండా చేస్తున్నారని అంటున్నారు. అనుమాన భ్రమలు కొనసాగుతున్నాయి. మందు మోతాదు పెంచాను."

మళ్లీ చదివింది. తొమ్మిదీ ఇరవైకి, చేతి గడియారం చూసుకుని మరీ, ఒక మనిషి చెప్పిన నిజాన్ని జబ్బు లక్షణంగా రాసింది. ఆయన పైపుల్లో గొంతులు విన్నాడు, అది జబ్బే. చదవనివ్వడం లేదన్నాడు, అది వాస్తవం. రెండూ ఒకే నోటి నుంచి ఒకే గొంతుతో వచ్చాయి. మొదటిది అబద్ధమని తేలాక రెండోదాన్ని ఎవరూ విడిగా తూచలేదు.

కంప్యూటర్లో ఆ నోటు కింద 'అదనపు నమోదు' అనే మీట ఉంది. నొక్కింది. ఖాళీ గడి తెరుచుకుంది. హక్కుల పత్రం నాలుగో రోజున మరోసారి మౌఖికంగా, అని టైపు చేసింది. అక్కడ ఆగింది. నాలుగో రోజున ఏం చేసిందో ఆమెకు నిజంగా గుర్తులేదు. చదివి ఉండవచ్చు కూడా. 'ఉండవచ్చు' అన్న మాట ఎంత మెత్తటి పరుపో, ఎంతమంది పెద్దమనుషులు దాని మీద హాయిగా నిద్రపోయారో ఆమెకు తెలుసు. వేళ్లు మీటల మీదే ఉన్నాయి. చివరికి 'రద్దు' నొక్కి, ఫోను తీసింది.

"రికార్డు ముట్టుకున్నారా?" అంతా విని లాయరు అడిగిన మొదటి మాట అది.

"గడి తెరిచి ఒక ముక్క టైపు చేశాను. సేవ్ చేయలేదు."

"ఇంకోసారి తెరవకండి. మీరు తెరిచిన సంగతి కూడా అందులో నమోదవుతుంది. ఎవరైనా అడిగితే నాతో చెప్పినట్టే చెప్పండి."

"ఆయన అడగని సంగతి నేను రాయాలా?"

"హక్కులు చెప్పలేదని అడిగారుగా. ఎలా చెప్పలేదో మీకు ఇప్పుడు తెలుసు. తెలిసీ వదిలేస్తే ఆ వివరణలో ఒక్క అబద్ధం లేకపోయినా అది తప్పుడు వివరణే. మీ నోటులో 'వివరించబడినది' అని ఉందని రాసి ఊరుకోవచ్చు, రికార్డులో ఉంది కాబట్టి. కానీ ఆ రికార్డు కూడా మీరు చూడకుండా రాసిందే."

"నా సంతకం పోతుందేమో."

"పోవచ్చు. ఉంటుందని నేను మాటివ్వలేను." గొంతు కాస్త తగ్గింది. "ఏడుపు మాత్రం రాయకండి మేడం. జరిగింది జరిగిన చోట రాయండి. క్షమాపణ చివర్లో, విడిగా, రెండు వాక్యాలు. ఎక్కువైతే అది కూడా వాదనలాగే వినిపిస్తుంది."

గురువారమంతా ఆమె అదే రాసింది. శుక్రవారం పొద్దున పెద్దక్కను పిలిచి, ఆమె ప్రస్తావన ఉన్న పేరా ఇచ్చి చదవమంది.

"12.10కి హెడ్ నర్సు వార్డు గోడ మీది జాబితా ప్రకారం కళ్లద్దాలు తీసుకున్నారు (సామాన్ల రిజిస్టరు). ఆ జాబితాలో కళ్లద్దాలకు మినహాయింపు లేదు. వాటిని అదే రోజు తిరిగి ఇప్పించే నిర్ణయం నాది. నేను ఆ గడి చూడలేదు. 12.25కి హెడ్ నర్సు హక్కుల పత్రం ఇచ్చారు. చదివారా అని అడిగినట్టు, ఆయన తల ఊపినట్టు ఆమె ఈ వారం నాతో చెప్పారు. ఆ సమయంలో నేను వేరే వార్డులో ఉన్నాను. 12.40 నాటి నా నోటులో 'వివరించబడినది' అని ఉంది. అది నేను చూసి రాసింది కాదు. పత్రం మీది టిక్కు చూసి రాశాను. పత్రం చదివి వినిపించడం నా అలవాటు. ఆ రోజు చదివి వినిపించలేదు. మూడో రోజు 9.20కి ఆయన తనను చదవనివ్వడం లేదని నాతో అన్నారు. నేను దాన్ని జబ్బు లక్షణంగా నమోదు చేసి మందు పెంచాను. కళ్లద్దాలు తొమ్మిదో రోజు తిరిగి ఇచ్చారు."

పెద్దక్క పెదాలు కదుపుతూ చదివింది.

"నన్ను కాపాడావో ముంచావో అర్థం కావట్లేదు," అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి నువ్వులోకి దిగింది.

"రెండూ చేయలేదక్కా."

"అదే నా బాధ." కాగితం బల్ల మీద పెట్టి, "టైముల్లో తప్పులేదు," అని వెళ్లిపోయింది.

నాలుగూ నలభైకి డాక్టరమ్మ ఆ కవరును ఎక్స్‌రే గది పక్క గదిలో ఇచ్చి రసీదు తీసుకుంది.

విచారణ మరో మూడు వారాలకు జరిగింది. పొడవాటి బల్ల, ముగ్గురు సభ్యులు. ఒక చివర ప్రూఫులాయన, పక్కన వాళ్ల అక్క. ఇస్త్రీ చొక్కా, ముక్కు మీద కళ్లద్దాలు. ఆమె వివరణ కాపీ ఆయన ముందుంది. ఎక్కడా ఎర్ర సున్నా లేదు. అది చూసి డాక్టరమ్మకు ఊరట కలగలేదు.

"ఇందులో మీకు అభ్యంతరమైన వాక్యం ఉందా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"కళ్లద్దాల దగ్గర లేదు. అది నేను రాయలేకపోయాను, ఆవిడ రాశారు. నన్ను చేర్చుకోవాల్సిన అవసరం ఉందన్న దగ్గర ఉంది. నేను తీగ కోసి వెనక్కి వచ్చేవాణ్ని."

"తీగ లేదురా అక్కడ," అంది అక్క మెల్లగా.

"అది నీ మాట, అక్కా."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "డాక్టరు గారూ, ఒక్కటి అడగొచ్చా? మూడో రోజు నేను చదవనివ్వట్లేదు అన్నప్పుడు, ఎందుకు అని మీరు నన్నడిగారా?"

లాయరు చెప్పిన మూడు రకాలు ఆమెకు గుర్తొచ్చాయి. రికార్డులో లేదు. మామూలుగా అడుగుతుంది. ఆ రోజు అడిగినట్టు గుర్తులేదు.

"అడగలేదండి. అడిగుంటే ముక్కు మీద అద్దాల గుర్తు చూపించేవారు."

ఆయన కాసేపు ఆమెనే చూశాడు. జాలిగా కాదు, కోపంగానూ కాదు, పంక్తిలో అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నట్టు. "చూపించాను కూడా," అన్నాడు. "మీరు చేతి గడియారం చూసుకుంటున్నారు."

ఆ మాటను సంఘం రాసుకుంది. డాక్టరమ్మ కాదనలేదు, ఔననీ అనలేదు; గుర్తులేదంది. అది నిజం.

నిర్ణయం పది రోజులకు వచ్చింది. చేర్చుకోవడం సబబే. హక్కులు తెలియజేయడంలో ఆస్పత్రి విఫలమైంది. తొమ్మిది రోజులు నష్టపోయినందుకు ఆస్పత్రి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. గోడ మీది జాబితా మార్చాలి. డాక్టరమ్మ సంతకం ఉంటుంది. కానీ ఏడాది పాటు ఆమె చేసే ప్రతి ఉత్తర్వునూ మరో సీనియరు డాక్టరు వారంలోగా తిరిగి చూడాలి. పెద్దక్కకు ఒక మెమో. పింఛనుకు అడ్డం రాదని కింద చిన్నక్షరాల్లో ఉంది.

ఆస్పత్రి పంపిన క్షమాపణ ఉత్తరం నాలుగు రోజులకే తిరిగొచ్చింది. అందులో ఒక తప్పుకు ఎర్ర సున్నా చుట్టి ఉంది. కింద, "అందింది. నన్ను చేర్చుకోవాల్సిన అవసరం లేదన్న నా అభ్యంతరం అలాగే ఉంది," అన్న ఒక్క పంక్తి. డాక్టరమ్మ దాన్ని ఆయన ఫైలులో పెట్టించింది. జబ్బు లక్షణాల కింద కాదు, ఉత్తరాల కింద.